చేసుకున్నవాడికి చేసుకున్నంత: బాధితులపై వేసే నిందకు వెనక ఉన్న భయం

సభాధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం. మంచివాళ్లమని మనకు మనం నమ్మకంగా చెప్పుకోగలిగిన మనుషులం కూడా, కష్టంలో ఉన్న మనిషి ఎదురుపడగానే ఆ మనిషిలో ఏదో ఒక తప్పు వెతకడం ఎందుకు మొదలుపెడతాం అన్నది ఈ సాయంత్రం నాకు అప్పగించిన అంశం. దీనికి మనస్తత్వశాస్త్రంలో అరవై ఏళ్లుగా సాగుతున్న ఒక చర్చ ఉంది. ఆ చర్చకు మూలమైన ఒక్క ప్రయోగాన్ని నిదానంగా చూసి, దాని వెలుగులో మనకు తెలిసిన కొన్ని విషయాలు మాట్లాడతాను.

పరామర్శకు వెళ్లినచోట మనం అడిగే ప్రశ్నలను ఒకసారి గుర్తు చేసుకోండి. బైకు ప్రమాదంలో కొడుకు పోయిన ఇంటికి వెళ్తాం. అరుగు మీద కూర్చుని, కాసేపు మౌనంగా ఉండి, మెల్లగా మొదలుపెడతాం: "హెల్మెట్ పెట్టుకున్నాడా?" పెట్టుకున్నాడంటే, "ఎంత స్పీడులో ఉన్నాడంట?" స్పీడు లేదంటే, "అంత రాత్రిపూట ఎందుకు బయలుదేరాడు?" ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిందని తెలిస్తే మొదటి ప్రశ్న సిగరెట్ల గురించే. కాల్చరంటే, ఏదైనా ఫ్యాక్టరీలో పనిచేశారా అని రెండో ప్రశ్న వస్తుంది. ఈ ప్రశ్నలు ఎక్కడ ఆగుతాయో గమనించండి. పోయినవాడికీ అడిగేవాడికీ మధ్య ఒక తేడా దొరికినచోట ఆగుతాయి. "అదీ సంగతి" అని ఎవరో ఒకరు నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పులో దుఃఖం నిజమే, దానితోపాటు కాస్త ఊరట కూడా ఉంటుంది. నేను హెల్మెట్ పెట్టుకుంటాను, రాత్రిళ్లు తిరగను, సిగరెట్టు ముట్టను కాబట్టి నాకు ఇలా జరగదు అన్న ఊరట అది. అడిగినవాళ్లు కఠినులు కారు, చాలాసార్లు ఆ ఇంటికి భోజనం క్యారియర్ తెచ్చినవాళ్లే అడుగుతారు.

ఈ ఊరటను శాస్త్రీయంగా పట్టుకోవడానికి ప్రయత్నించిన మనిషి మెల్విన్ లెర్నర్ అనే అమెరికన్ సామాజిక మనస్తత్వవేత్త. మానసిక రోగుల చికిత్సలో శిక్షణ పొందుతున్న రోజుల్లో ఆయనను ఒక విషయం కలవరపెట్టింది. తాను ఎరిగిన వైద్యులు, నర్సులు స్వభావరీత్యా దయగలవారే, అయినా రోగుల వెనక, కొన్నిసార్లు రోగుల ముందే, వాళ్ల మీద జోకులు వేసుకునేవారు, వాళ్ల బాధకు వాళ్లే కారణమన్నట్టు మాట్లాడేవారు. తరువాత పాఠాలు చెప్పేటప్పుడు, చదువుకున్న తన విద్యార్థులు కూడా పేదవాళ్ల పేదరికానికి సోమరితనమే కారణమని తేల్చేయడం చూశాడు. మంచితనం, నింద ఒకే మనిషిలో ఇంత సులువుగా ఎలా ఇమిడిపోతున్నాయన్నది ఆయన ప్రశ్న.

1966లో లెర్నర్, కరోలిన్ సిమన్స్ అనే సహచరురాలితో కలిసి ఒక ప్రయోగాన్ని ప్రచురించాడు. 72 మంది కాలేజీ విద్యార్థినులను బృందాలుగా పిలిచి, మనుషుల ముఖకవళికలను బట్టి ఉద్వేగాలను ఎలా గుర్తిస్తామో పరిశీలిస్తున్నామని చెప్పారు. వాళ్ల ముందున్న తెర మీద, వాళ్లలాంటి మరో విద్యార్థిని జంట పదాలను కంఠస్థం చేసే పరీక్షలో కూర్చుని ఉంటుంది. తప్పు చెప్పినప్పుడల్లా ఆమెకు కరెంట్ షాక్ తగులుతుంది, ఆమె ఉలిక్కిపడుతుంది, బాధతో మూలుగుతుంది. ఇది నటన. షాకులు లేవు, తెర మీద నడుస్తున్నది ముందే తీసిన వీడియో టేపు. అయితే చూస్తున్న అమ్మాయిలకు ఆ సంగతి తెలియదు. ఆమె చేసిన తప్పులు కూడా కొత్త పదాలు కంఠస్థం చేసే ఎవరైనా చేసే మామూలు తప్పులే. దాదాపు పది నిమిషాలు చూశాక, ఆమె ఎలాంటి మనిషో అంచనా వేయమని అడిగారు. గుణాల జాబితా ఇచ్చి మార్కులు వేయించారు, వాటిని ఎవరికి వారు తమకు వేసుకున్న మార్కులతో పోల్చారు.

ప్రయోగంలోని కీలకం ఆ మార్కులు వేయడానికి ముందు ఏం చెప్పారన్న దానిలో ఉంది. ఒక బృందానికి, ఇప్పుడు సగమే అయింది, ఇంకో విడత ఇలాగే షాకులతో సాగుతుంది అన్నారు. మరో బృందానికి, తరువాతి విడత ఎలా ఉండాలో మీరే రహస్యంగా ఓటు వేసి చెప్పండి అన్నారు. షాకులు కొనసాగించవచ్చు, ఆపవచ్చు, లేదా సరైన జవాబులకు డబ్బు ఇప్పించవచ్చు. దాదాపు అందరూ డబ్బు ఇప్పించడానికే ఓటు వేశారు, మీ నిర్ణయం ప్రకారమే జరుగుతుందని వాళ్లకు చెప్పారు కూడా. ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. బాధ ఆపే శక్తి చేతికి ఇస్తే ఆ అమ్మాయిలు ఏమాత్రం తటపటాయించలేదు. వాళ్లు ఆ బాధితురాలికి వేసిన మార్కులు కూడా మెరుగ్గా ఉన్నాయి. షాకులు ఇంకా కొనసాగుతాయని విని, ఏమీ చేయలేక కూర్చున్న అమ్మాయిలు మాత్రం అదే వీడియో చూసి, అదే మనిషిని తక్కువ చేసి అంచనా వేశారు. వాళ్ల దృష్టిలో ఆమె అంత ఆకర్షణీయమైన మనిషి కాదు, అంత గౌరవించదగిన మనిషీ కాదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసేది మూడో బృందం. ఈ బృందం ఎదుట ఆ అమ్మాయి షాకులంటే భయమని, ఈ పరీక్షలో కూర్చోలేనని చెబుతుంది. నువ్వు కూర్చోకపోతే చూడటానికి వచ్చిన విద్యార్థినులకు రావలసిన కోర్సు క్రెడిట్ రాదని నిర్వాహకుడు అంటాడు. ఆమె వాళ్ల కోసం ఒప్పుకుంటుంది. తమ కోసం బాధపడటానికి సిద్ధపడిన మనిషి మీద చూసేవాళ్లకు గౌరవం పెరగాలని మనం అనుకుంటాం. కానీ అన్ని బృందాల్లోనూ అందరికన్నా చులకనైన అంచనా పొందినది ఈ త్యాగమూర్తే. ఆమె నిర్దోషి అన్నది ఎంత స్పష్టంగా ఉంటే ఆమెను చూడటం అంత కష్టమైంది, ఆ కష్టం నుంచి బయటపడటానికి ఆమెను అంతగా కిందికి దించవలసి వచ్చింది.

లెర్నర్ ఇచ్చిన వివరణ ఇది. చిన్నప్పుడే మనం లోకంతో ఒక ఒప్పందం చేసుకుంటాం. ఇప్పుడు ఆటలు మానుకుని చదివితే రేపు మార్కులు వస్తాయి, ఇప్పుడు ఖర్చు తగ్గించుకుంటే రేపు ఇల్లు వస్తుంది, మంచిగా ఉంటే మంచే జరుగుతుంది. ఈ ఒప్పందం మీద భరోసా లేకపోతే ఎవరూ ఇరవై ఏళ్ల గృహరుణం తీసుకోలేరు, పోటీ పరీక్షల కోసం నాలుగేళ్లు గదిలో కూర్చోలేరు. కాబట్టి లోకం న్యాయంగానే నడుస్తుందన్న నమ్మకం తెలివితక్కువతనం కాదు, రోజువారీ జీవితం దాని మీద ఆధారపడి ఉంది. ఏ తప్పూ చేయని మనిషి నలిగిపోతుండగా చూస్తే ఆ ఒప్పందం చెల్లదేమోనన్న అనుమానం మొదలవుతుంది. ఆ అనుమానాన్ని పోగొట్టుకోవడానికి దారులు రెండు: బాధితుడికి న్యాయం జరిగేలా చూడటం, లేదా జరిగినది న్యాయమే అని నిరూపించుకోవడం. మొదటిది చేతిలో లేనప్పుడు మనసు రెండోదాన్ని పట్టుకుంటుంది. 1980లో ఈ విషయం మీద రాసిన పుస్తకానికి పెట్టిన ఉపశీర్షికలో ఆయన ఈ నమ్మకాన్ని మౌలికమైన భ్రమ అన్నాడు.

ఇదంతా ఊహే కదా, లోపల భయం పుట్టిందని ఎలా తెలుస్తుంది అని మీరు అడగవచ్చు. 2000లో కెరొలిన్ హేఫర్ అనే కెనడా పరిశోధకురాలు దీన్ని తెలివైన పద్ధతిలో పరీక్షించింది. ఒక అమాయకుడి మీద దాడి జరిగిన ఉదంతాన్ని రెండు బృందాలకు చూపించింది. ఒకరికి దుండగులు దొరికారని, శిక్ష పడిందని చెప్పారు, మరొకరికి వాళ్లు తప్పించుకున్నారని చెప్పారు. తరువాత రంగురంగుల అక్షరాలతో రాసిన పదాలు చూపి, పదాన్ని పట్టించుకోకుండా రంగు పేరు మాత్రమే చెప్పమన్నారు. దుండగులు తప్పించుకున్నారని విన్నవాళ్లు న్యాయానికి సంబంధించిన పదాలు వచ్చినచోట రంగు చెప్పడానికి ఎక్కువ సమయం తీసుకున్నారు. మనసు ఆ పదం దగ్గర చిక్కుకుపోయిందన్నమాట. ఇలా ఎక్కువగా చిక్కుకున్నవాళ్లే తరువాత బాధితుడిని మరింత చులకన చేశారు, అతనికీ తమకూ పోలిక లేదన్నారు. నిందించేవాడు న్యాయాన్ని పట్టించుకోని మనిషి అనుకుంటాం గాని, ఈ ఫలితాన్ని బట్టి చూస్తే న్యాయం గురించిన కలత అతనిలోనే ఎక్కువ.

ఇక్కడ మన పద్యనాటకం సంగతి ఒకటి చెబుతాను. ఇది నా ఊహ, పరిశోధన కాదు. హరిశ్చంద్రుడి నాటకంలో కాటిసీను నడుస్తుంటే ఊరంతా కళ్లు తుడుచుకుంటుంది. ఆడిన మాట తప్పనందుకు రాజ్యం పోగొట్టుకుని, ఆలుబిడ్డలను అమ్ముకుని, కాటికాపరిగా మారిన మనిషి అతను. లెర్నర్ ప్రయోగంలోని త్యాగమూర్తికి ఇంతకన్నా మంచి నమూనా దొరకదు. అయినా ప్రేక్షకులు అతన్ని చులకన చేయరు. ఎందుకంటే చివరికి దేవతలు ప్రత్యక్షమవుతారని, కొడుకు బతుకుతాడని, రాజ్యం తిరిగి వస్తుందని గుడిసెలోని పిల్లవాడికి కూడా తెలుసు. వాళ్లు డబ్బు ఇప్పించే ఓటు గెలిచిన బృందంలాంటివాళ్లు, కాబట్టి నిర్భయంగా ఏడవగలరు. రాత్రి హరిశ్చంద్రుడి కోసం ఏడ్చిన మనిషే, అప్పుల పాలై పొలం అమ్ముకున్న పొరుగు రైతు గురించి తెల్లారి మాట్లాడుతూ, "పెళ్లికి అంత ఖర్చు ఎవరు చేయమన్నారు, చేసుకున్నవాడికి చేసుకున్నంత" అనగలడు. ఆ రైతు కథకు చివరి అంకం ఎలా ఉంటుందో అతనికి తెలియదు.

అందుకే కర్మ నమ్మకం వల్లే మనవాళ్లు బాధితులను నిందిస్తారన్న మాటను నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. యూర్గెన్ మేస్ అనే జర్మన్ పరిశోధకుడు లోకం న్యాయంగా నడుస్తుందన్న నమ్మకాన్ని రెండుగా విడదీసి చూశాడు. జరిగిన ప్రతి కష్టం అప్పటికే చేసిన తప్పుకు శిక్ష అనుకోవడం ఒకటి, ఇప్పుడు అన్యాయం జరిగినా ఎప్పటికైనా న్యాయం జరుగుతుంది అనుకోవడం ఇంకొకటి. క్యాన్సర్ రోగుల పట్ల మనుషుల వైఖరిని పరిశీలించినప్పుడు నింద మొదటి రకం నమ్మకంతో కలిసి కనిపించింది, రెండో రకం ఉన్నవాళ్లు రోగులను మరింత ఆదరంగా చూశారు. మన సామెతల్లో, కథల్లో ఈ రెండూ ఉన్నాయి. ఏ ఇంట్లో ఏది వినిపిస్తుందన్నది ఆ ఇంటిని బట్టి ఉంటుంది.

నింద ఎప్పుడూ ఒకే రూపంలో రాదు. ఆ మనిషి స్వభావాన్ని తప్పుపట్టడం ఒక రూపం, ఆ రోజు చేసిన పనిని తప్పుపట్టడం మరో రూపం. రెండోది చాలా మర్యాదగా, సలహాలా వినిపిస్తుంది. రెండింటికీ హైదరాబాద్ చరిత్రలోనే ఉదాహరణలు ఉన్నాయి.

1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక పేద ముస్లిం మహిళపై పోలీసులు అత్యాచారం చేశారన్న ఆరోపణ, ఆమె భర్త పోలీసుల దెబ్బలకు చనిపోవడం నగరాన్ని అట్టుడికించాయి, కర్ఫ్యూ పెట్టవలసి వచ్చింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణ జరుపుతుండగా పోలీసుల తరఫున నడిచిన వాదన ఆ రాత్రి ఏం జరిగిందన్న దాని చుట్టూ కాక, ఆమె ఎలాంటి స్త్రీ అన్న దాని చుట్టూ తిరిగింది. ఆమె వేశ్య అని, ఆమె పెళ్లి పెళ్లే కాదని సాక్షులను తెచ్చారు. కమిషన్ ఆ వాదనను పక్కనపెట్టి పోలీసులను దోషులుగా తేల్చింది. అయితే తరువాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది, అక్కడి కోర్టు నిందితులను విడుదల చేసింది. ఇలాంటి వాదనకు చట్టమే తలుపు తెరిచి ఉంచింది. 1872 నాటి సాక్ష్య చట్టం 155వ సెక్షన్‌లోని నాలుగో క్లాజు, అత్యాచారం కేసులో ఫిర్యాదుదారు సాధారణంగా మంచి నడవడి లేని స్త్రీ అని చూపడానికి అనుమతించింది. 2002 సవరణ చట్టం వచ్చేదాకా అది తొలగలేదు. పోలీసుల వకీళ్లకు లోకం న్యాయంగా నడుస్తుందన్న నమ్మకంతో పని లేదు, వాళ్లకు కేసు గెలవాలి. కానీ ఆ వాదన వీధిలో, ఇళ్లలో చెల్లుబాటు కావాలంటే, "ఆమె మనలాంటిది కాదు" అని వినడానికి సిద్ధంగా ఉన్న చెవులు కావాలి. ఆ చెవులను సిద్ధం చేసేది మన భయమే.

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలి హత్యాచారం జరిగినప్పుడు ఆమె స్వభావాన్ని తప్పుపట్టే సాహసం పెద్దగా ఎవరూ చేయలేదు. చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది, బయట పని ముగించుకుని ఇంటికి వెళ్తోంది. అప్పుడు నింద రెండో రూపం తీసుకుంది. చెల్లెలికి ఫోన్ చేసే బదులు 100కు ఫోన్ చేసి ఉంటే బాగుండేదని రాష్ట్ర మంత్రి ఒకరు అన్నారు. ఆ మాటలో దురుద్దేశం ఉందని నేను అనను, తన చేతిలో ఉన్న వ్యవస్థ పనిచేస్తుందని నమ్మదలచిన మనిషి మాట అది. కానీ ఆ మాట ఏం చేసిందో చూడండి. ఫోన్ ఎవరికి చేయాలో తెలియని పొరపాటుగా ఒక హత్యను మార్చేసింది. అదే వారంలో, ఆ రాత్రి కుటుంబం ఇచ్చిన ఫిర్యాదును నమోదు చేయడంలో జాప్యం చేసినందుకు ముగ్గురు పోలీసు సిబ్బందిని సస్పెండ్ చేశారు. అంటే పోలీసులకు చెప్పడం అప్పటికి ఎంతవరకు పనిచేసిందన్నది కూడా అడగవలసిన ప్రశ్నే. బాధితురాలి మీద పెట్టిన ప్రశ్న మొదట వచ్చి కూర్చుంటే స్టేషన్ మీద పెట్టవలసిన ప్రశ్నకు చోటు తగ్గుతుంది.

ఇప్పుడు ఈ సిద్ధాంతానికి ఉన్న హద్దు కూడా చెప్పాలి. చెప్పకపోతే మనుషులంతా తప్పనిసరిగా నిందిస్తారన్న అభిప్రాయంతో మీరు ఇంటికి వెళ్తారు, అది నిజం కాదు. 1974లో అడెర్మన్, బ్రెమ్, కాట్జ్ అనే ముగ్గురు పరిశోధకులు లెర్నర్ ప్రయోగాన్ని మళ్లీ నడిపి, చూసేవాళ్లకు ఇచ్చే సూచనను మాత్రం మార్చారు. ఆమెను జాగ్రత్తగా గమనించండి అన్నప్పుడు చులకన కనిపించింది. ఆ కుర్చీలో మీరే ఉన్నట్టు ఊహించుకోండి అన్నప్పుడు అది కనిపించలేదు, సానుభూతి వచ్చింది. మొదటి ప్రయోగంలో విద్యార్థినులను ముఖకవళికలు పరిశీలించడానికి పిలిచారని చెప్పాను కదా. అంటే పరిశీలకుడి కుర్చీలో కూర్చోబెట్టడమే ఆ ఫలితానికి కొంత కారణమై ఉండాలి. మన టీవీ చర్చలు, వాట్సాప్ వీడియోలు మనల్ని రోజూ కూర్చోబెట్టేది సరిగ్గా ఆ కుర్చీలోనే: చూడవచ్చు, వ్యాఖ్యానించవచ్చు, ఏమీ చేయలేం. సీసీటీవీ దృశ్యాన్ని పదేపదే తిప్పి చూపుతూ ఆమె ఎటు నడిచింది, ఎవరితో మాట్లాడింది అని బాణం గుర్తులు పెట్టే చోట కింద కామెంట్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు.

చివరగా బాధితుడు తనను తాను నిందించుకోవడం గురించి ఒక మాట. ఈ సభలో కౌన్సెలింగ్ పని చేసేవాళ్లు కొందరు ఉన్నారని విన్నాను కాబట్టి దీన్ని వదలకుండా చెబుతున్నాను. 1977లో రోనీ జానాఫ్ బుల్మన్, కమిల్ వోర్ట్‌మన్ అనే పరిశోధకులు ప్రమాదాల్లో వెన్నెముక దెబ్బతిని కాళ్లో, కాళ్లూ చేతులూ రెండూనో పడిపోయిన 29 మందితో మాట్లాడారు. ఆ ప్రమాదానికి తమనే బాధ్యులుగా భావించినవాళ్లు తమ స్థితితో మెరుగ్గా సర్దుకుంటున్నారని, ఇతరులను నిందించినవాళ్లు అంతగా సర్దుకోలేకపోతున్నారని వాళ్లను చూసుకునే నర్సుల, సామాజిక కార్యకర్తల అంచనాల్లో తేలింది. 29 మంది చాలా చిన్న సంఖ్య, తరువాతి అధ్యయనాలన్నీ ఇదే చెప్పలేదు. అయినా జానాఫ్ బుల్మన్ ఆ తరువాత చూపిన ఒక తేడా పనికొస్తుంది. "ఆ రోజు ఆ దారిన వెళ్లకుండా ఉండాల్సింది" అనుకునే మనిషికి రేపు వేరే దారి ఎంచుకోగలనన్న ధీమా మిగులుతుంది. "నేనే అలాంటి మనిషిని, నాకు ఇలాగే జరగాలి" అనుకునే మనిషికి ఏమీ మిగలదు, కుంగుబాటు కనిపించేది ఎక్కువగా ఇక్కడే. కాబట్టి ఎదురుగా కూర్చున్న మనిషి తనను తాను తిట్టుకుంటుంటే, "నీ తప్పేమీ లేదు" అని వెంటనే నోరు మూయించకుండా, ఆ మాట చేసిన పని గురించా, తన గురించా అని వినండి. మొదటిదైతే మాట్లాడనివ్వండి. రెండోదైతే అక్కడే ఆగి, ఆ అభిప్రాయం అతనికి ఎవరి నోటి నుంచి వచ్చిందో కనుక్కోండి, చాలాసార్లు అది పరామర్శకు వచ్చినవాళ్లెవరో అన్న మాటే అయి ఉంటుంది.

నా సమయం అయింది. ప్రశ్నలు ఉంటే అడగండి.